తీసేటప్పుడు తెలుస్తుంది: సన్నని, ఉంగరాల జుట్టుకు తగిన బ్యాండ్లు, స్క్రంచీలు, క్లిప్పులు ఎంచుకునే పద్ధతి

జడ విప్పాక రబ్బరు బ్యాండుకు చుట్టుకుని వచ్చిన వెంట్రుకలను పారేసే ముందు ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తే ఆ వెంట్రుక ఆయుష్షు తీరి కుదురు నుంచి రాలింది. రోజుకు 50 నుంచి 100 దాకా అలా రాలడం మామూలే. బుడిపె లేకుండా, మీ జుట్టు పొడవు కన్నా బాగా పొట్టిగా ఉంటే మాత్రం అది మధ్యలో తెగింది. రాలేదానికి కారణాలు జ్వరం, ప్రసవం, థైరాయిడ్, రక్తహీనత లాంటి చోట వెతకాలి. తెగేదానికి కారణం చాలాసార్లు డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులోనే ఉంటుంది.

బ్యాండు గాని క్లిప్పు గాని జుట్టును తెంపడానికి దారులు మూడే. సన్నగా ఉండి ఒకే గీత మీద ఒత్తిడి పెట్టడం మొదటిది. గరుకుగా ఉండి వెంట్రుకపై పొరను రాపాడించడం రెండోది. అతుకులో, స్ప్రింగులో, పగులులో వెంట్రుకను ఇరికించుకోవడం మూడోది. ఈ మూడింటి నష్టమూ ఎక్కువగా బయటపడేది పెట్టుకునేటప్పుడు కాదు, తీసేటప్పుడు. అందుకే నేను దుకాణంలో ఏ వస్తువునైనా ఎలా పట్టుకుంటుందని కాక ఎలా వదులుతుందని చూస్తాను. కింది మెట్లన్నీ ఆ చూపుతోనే రాశాను.

మొదటి మెట్టు: మీ వెంట్రుక ఎలాంటిదో తేల్చుకోండి

సన్నని వెంట్రుక వేరు, పలుచని జుట్టు వేరు. తలనిండా ఒత్తుగా ఉన్నా ఒక్కో వెంట్రుక సన్నగా ఉండవచ్చు. రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లించండి. ఏదో ఉన్నట్టు స్పష్టంగా తగిలితే అది మధ్యరకమో, మందమో. చేతిలో ఉందో లేదో అనిపిస్తే సన్ననిది. సన్నని వెంట్రుకలో బలాన్నిచ్చే లోపలి భాగం తక్కువ కాబట్టి అదే ఒత్తిడికి అది ముందు తెగుతుంది. పైగా నున్నగా ఉండడం వల్ల బ్యాండు జారిపోతుంది, జారిందని మనం ఇంకో చుట్టు బిగిస్తాం. సన్నని జుట్టుకు వచ్చే కష్టాల్లో సగం ఆ అదనపు చుట్టు దగ్గరే మొదలవుతాయి.

ఉంగరాల జుట్టు సంగతి వేరు. దాని వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక నొక్కినట్టు కోలగా ఉంటుంది. మెలిక తిరిగిన ప్రతి చోటా అది బలహీనమే. తల నుంచి ఊరే నూనె ఆ మెలికలన్నీ దాటి కొసల దాకా చేరదు కాబట్టి కొసలు పొడిగా, గరుకుగా ఉంటాయి. ఇలాంటి జుట్టుకు బ్యాండు జారడం సమస్య కాదు, చిక్కుకోవడం సమస్య. ఉంగరాల జుట్టులోనే సన్నని వెంట్రుకలున్నవారు కూడా ఎంతోమంది ఉన్నారు. వారు ఆకారం, పరిమాణం ఉంగరాల జుట్టును బట్టి, బిగుతు మాత్రం సన్నని జుట్టును బట్టి ఎంచుకోవాలి.

రెండో మెట్టు: చుట్టుకొలత తీసుకోండి

దీన్ని దాదాపు ఎవరూ చేయరు. జుట్టంతా ఎప్పుడూ కట్టుకునే చోట చేత్తో పట్టుకుని, ఒక దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. పలుచగా ఉంటే 5 సెంటీమీటర్ల దగ్గర, ఒత్తయిన ఉంగరాల జుట్టయితే 9, 10 దాకా రావచ్చు.

ఇప్పుడు బ్యాండు లెక్క. దాన్ని బల్ల మీద సాగదీయకుండా పరచి, ఒక కొస నుంచి మరో కొసకు పొడవు కొలవండి. అది మీ చుట్టుకొలతలో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటే రెండు చుట్లకు సరిగ్గా సరిపోతుంది. ఉదాహరణకు జుట్టు చుట్టుకొలత 5 సెంటీమీటర్లు, పరిచిన బ్యాండు పొడవు మూడున్నర అనుకుందాం. బ్యాండు పూర్తి వలయం 7 సెంటీమీటర్లు. రెండు చుట్లు వేస్తే అది 10 సెంటీమీటర్లకు సాగుతుంది. అంటే తన పొడవుకు ఒకటిన్నర రెట్లు లోపే. పట్టు నిలుస్తుంది, కోత ఉండదు.

అదే జుట్టుకు మార్కెట్‌లో మామూలుగా దొరికే 5 సెంటీమీటర్ల బ్యాండు పెట్టారనుకోండి. రెండు చుట్లకు అది సాగనే సాగదు, జారుతుంది. మూడో చుట్టు వేస్తారు. తీసేటప్పుడు మూడు చుట్లూ జుట్టు మీదుగా వెనక్కి రావాలి. పెద్ద బ్యాండు సుకుమారమని అనుకుంటారు గాని, పలుచని జుట్టుకు చిన్న బ్యాండే మేలు. ఒత్తయిన 9 సెంటీమీటర్ల జుట్టుకు పరిచినప్పుడు 6 సెంటీమీటర్లుండే బ్యాండు కావాలి. అంతకన్నా చిన్నదయితే రెండో చుట్టుకు దాన్ని గట్టిగా లాగి తిప్పాల్సి వస్తుంది. ఆ లాగుడులో ఉంగరాలు దానిలో ఇరుక్కుంటాయి.

మూడో మెట్టు: బ్యాండును చేత్తో పరీక్షించండి

ఫ్యాన్సీ షాపులో రంగు చూసి తీసేసుకోకుండా బ్యాండును మెల్లగా వేళ్ల మధ్య తిప్పుతూ చుట్టూ తడమండి. అతుకు దగ్గర చిన్న రేకు ముక్క నొక్కి ఉంటే అక్కడితో వదిలేయండి. ఆ రేకు అంచు కింద వెంట్రుక దూరితే తెగాకే బయటికి వస్తుంది. జిగురుతో అతికించిన అతుకు కొంత నయమే గాని, అది గట్టి కణుపులా తగులుతుంటే అదీ వద్దు. అతుకు ఎక్కడుందో కనిపించకుండా అల్లిన బ్యాండ్లు దొరుకుతాయి. వాటికే కాస్త ఎక్కువ ఇవ్వడం సబబు.

వెడల్పు కూడా చూడండి. ఒకే బలాన్ని 2 మిల్లీమీటర్ల పట్టీ మీద పెడితే పడే ఒత్తిడి, 6 మిల్లీమీటర్ల పట్టీ మీద పెడితే పడేదానికి మూడు రెట్లు. కాబట్టి ఉన్నంతలో వెడల్పయినది, లోపలి రబ్బరు నూలుతోనో నైలాన్‌తోనో పూర్తిగా కప్పి ఉన్నది తీసుకోవాలి.

కవరు లేని రబ్బరు బ్యాండ్లు, అంటే మందుల దుకాణంలో పొట్లాలకు వేసేవి, జుట్టుకు ఎప్పుడూ వద్దు. రబ్బరు వెంట్రుక మీద జారదు, దానితో పాటు లాక్కుని పోతుంది. మన ఇళ్లలో దీనికి మరో చిక్కుంది. సహజ రబ్బరుకు నూనె పడదు. కొబ్బరినూనె రాసిన జడకు రోజూ కడితే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, జిగటగా మారుతుంది. కవరు ఉన్న బ్యాండులో కూడా నూనె లోపలికి ఇంకుతుంది. నలిపితే వేలికి అంటుకుంటున్నా, సాగదీస్తే దారాల మధ్య రబ్బరు బయటికి కనిపిస్తున్నా దాని పని అయిపోయినట్టే.

స్ప్రింగులా మెలికలు తిరిగిన ప్లాస్టిక్ బ్యాండ్ల గురించి ఒక మాట. జుట్టు చుట్టూ ఒకే గీతలా కాక అక్కడక్కడా ఒత్తుతాయి కాబట్టి నొక్కులు తక్కువ పడతాయి. నిటారుగా ఉండే సన్నని జుట్టుకు, నెమ్మదిగా చుట్టు విప్పి తీసే ఓపిక ఉంటే, ఇవి బాగుంటాయి. ఉంగరాల జుట్టుకు నేను వీటిని చెప్పను. జుట్టు మెలిక వెళ్లి ప్లాస్టిక్ మెలికలో చిక్కుకుంటే రెండింటినీ విడదీయడం పెద్ద పని.

నాలుగో మెట్టు: స్క్రంచీలో బట్ట, దారం, ఎలాస్టిక్

స్క్రంచీ అంటే ఎలాస్టిక్ చుట్టూ కుచ్చిళ్లుగా తొడిగిన గుడ్డ గొట్టం. అమెరికాలో రామీ రెవ్‌సన్ అనే గాయని తన జుట్టు తెగిపోతోందని దీన్ని తయారుచేసి, 1987లో పేటెంటు పొందింది. బట్ట ఒత్తిడిని వెడల్పుగా పంచడమే దీని గుణం. బట్ట గరుకుదైతే ఆ గుణం పోతుంది.

సాటిన్ అంటే నేత పద్ధతి, పట్టు అంటే దారం రకం. దుకాణంలో సాటిన్ పేరుతో అమ్మేవి చాలావరకు పాలిస్టరే. అయినా పరవాలేదు, మనకు కావలసింది నునుపు. ఉంగరాల జుట్టుకు, రాత్రి పడుకునేటప్పుడు సాటిన్ గాని పట్టు గాని సరైనది. కానీ నున్నని సన్నని జుట్టుకు నున్నని సాటిన్ తోడైతే గంటలో జారి కిందికి వస్తుంది. అలాంటి వారు పగటిపూట మెత్తని మఖమల్ స్క్రంచీ వాడవచ్చు. మఖమల్ నూగు జుట్టును కోయకుండా పట్టి ఉంచుతుంది. నూలు బట్ట తేమను, నూనెను పీల్చుకుంటుంది కాబట్టి పొడి ఉంగరాల జుట్టుకు తగదు.

పాత పట్టుచీరల ముక్కలతో కుట్టిన స్క్రంచీలు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ అంచు ముక్కతో కుట్టినవైతే జరీ తీగ బయటికే ఉంటుంది. జరీ అంటే దారానికి చుట్టిన సన్నని లోహపు రేకు. అరిగిన చోట అది లేచి జుట్టును గీస్తుంది. పట్టు కావాలంటే చీర ఒంటిభాగం నుంచి, జరీ బుటా లేని చోట ముక్క తీసుకోవాలి.

ఇంట్లోనే కుట్టుకోవడం సులభం. ఎలాస్టిక్ పొడవు మీ జుట్టు చుట్టుకొలతకు రెండింతలు, అతుకు కోసం ఇంకో సెంటీమీటరు. బ్యాండు లెక్క కన్నా ఇది ఎక్కువగా ఉండడానికి కారణం, కుచ్చిళ్ల బట్టే కొంత చోటు నింపుతుంది. 5 సెంటీమీటర్ల జుట్టుకు 11 సెంటీమీటర్ల ఎలాస్టిక్, 30 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు బట్ట చాలు. 9 సెంటీమీటర్ల జుట్టుకు 19 సెంటీమీటర్ల ఎలాస్టిక్, 45 పొడవు, 9 వెడల్పు బట్ట తీసుకోండి. బట్టను నునుపు వైపు లోపలికి వచ్చేలా పొడవుగా మడిచి కుట్టి, పిన్నీసుతో తిరగేసి, ఎలాస్టిక్ ఎక్కించి ముడివేయకుండా ఒకదానిపై ఒకటి పెట్టి కుట్టండి. చివరి అతుకు చేత్తో లోపలికి మడిచి కుట్టాలి. నైలాన్ దారం కొస బయట మిగిలితే సూదిలా గుచ్చుతుంది, దాన్ని లోపలికి దూర్చేయండి.

ఐదో మెట్టు: క్లచ్చర్లు, పిన్నులు

మనం క్లచ్చర్ అని పిలిచే పళ్ల క్లిప్పు బాగుంటే బ్యాండు కన్నా నయం. తెరిస్తే చాలు, జుట్టు మీదుగా దేన్నీ లాగకుండా వదిలేస్తుంది. బాగా లేకపోతే రంపమే.

ప్లాస్టిక్ క్లచ్చర్లను అచ్చులో పోసి చేస్తారు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట పళ్ల పక్కగా సన్నని గీత మిగులుతుంది. గోటిని పంటి పొడవునా నడిపితే అది తగులుతుంది. చవక రకాల్లో ఆ గీత బ్లేడు అంచులా ఉంటుంది. సెల్యులోజ్ అసిటేట్ అనే పదార్థపు క్లిప్పులను పలక నుంచి కోసి మెరుగు పెడతారు కాబట్టి అంచులు గుండ్రంగా వస్తాయి. ధర ఎక్కువే. డబ్బు పెట్టకూడదనుకుంటే ప్లాస్టిక్ క్లిప్పుల్లోనే నాలుగైదు తీసి గోటితో చూసి ఎంచుకోండి. బేగంబజారులో డజన్ల లెక్కన కొన్నా ఈ పరీక్ష చేయవచ్చు. అమ్మేవారు విసుక్కుంటారు, అంతే.

ఇంకా తేలికైన పరీక్ష ఇంట్లో ఉంది. పాత షిఫాన్ చున్నీని అరచేతి మీద బిగించి, క్లిప్పు పళ్లను, స్ప్రింగును, బ్యాండు అతుకును దాని మీద మెల్లగా రాయండి. పోగు ఎక్కడ లేస్తే అక్కడే మీ వెంట్రుక తెగుతుంది. కొత్త వస్తువులకే కాదు, సొరుగులో ఉన్న పాతవాటికీ ఇది చేయండి. పన్ను విరిగిన క్లచ్చర్ ఇక పనికిరాదు, విరిగిన మొన దేన్నీ వదలదు.

స్ప్రింగు బిగుతు తెలియడానికి క్లిప్పును బొటనవేలికి, చూపుడువేలికి మధ్యనున్న చర్మం మీద పెట్టుకోండి. కాసేపు భరించగలిగితే సరే. నొప్పి పుడితే తలకూ అంతే. సన్నని జుట్టుకు లోపల రెండో వరుస చిన్న పళ్లున్న చిన్న క్లచ్చర్ కావాలి. పెద్దదైతే పళ్ల మధ్య ఖాళీగా ఉండి జారుతుంది. ఉంగరాల జుట్టుకు దూరదూరంగా, పొడవుగా, లోపలికి వంగిన పళ్లున్న పెద్ద క్లచ్చర్ తీసుకోవాలి. మూసినప్పుడు రెండు వైపుల పళ్లూ బలవంతం లేకుండా కలవాలి. కలవకపోతే జుట్టు నలుగుతోందని అర్థం.

స్లైడ్లలో చూడాల్సింది కొసన ఉండే చిన్న ప్లాస్టిక్ బొట్టు. అది ఊడిపోతే లోపలి తీగ మొన మాడునూ గీస్తుంది, జుట్టునూ చీల్చుతుంది. ఊడినదాన్ని నోటితో తెరిచి మళ్లీ వాడే అలవాటు మానండి. వంకరలున్న వైపు తలకు ఆనేలా పెడితే స్లైడు ఎక్కువసేపు నిలుస్తుంది, రెండోది గుచ్చాల్సిన పని తప్పుతుంది. టిక్‌టాక్ క్లిప్పులు పిల్లల ముందుజుట్టుకు తప్ప, బట్ట తొడుగు లేకుండా, పెద్దగా వాడదగినవి కావు. రేకులు కలిసే మూల వెంట్రుకలను కొరుకుతుంది.

కొప్పుకూ, పూలదండకూ పాతకాలపు యూ పిన్నును మించినది లేదు. అది జుట్టును నొక్కదు, పాయల మధ్య అల్లుకుని నిలుస్తుంది. బరువైన మల్లెదండను ఒకే స్లైడుకు వేలాడదీస్తే భారమంతా పిడికెడు వెంట్రుకల మీద పడుతుంది. రెండు యూ పిన్నులు ఎదురెదురుగా గుచ్చితే ఆ బరువు కొప్పంతా పంచుకుంటుంది.

ఆరో మెట్టు: కట్టే తీరు, తీసే తీరు

తలంటుకున్న వెంటనే కట్టకండి. తడిసిన వెంట్రుక ఉబ్బి, పొడిగా ఉన్నప్పటికన్నా ఎక్కువ సాగుతుంది, తక్కువ బలానికే తెగుతుంది. పైగా తడిలో బిగించిన జుట్టు ఆరేకొద్దీ బ్యాండు చోట నొక్కు అలాగే స్థిరపడుతుంది. బయటికి వెళ్లక తప్పకపోతే వదులుగా ఒక క్లచ్చర్ పెట్టుకోండి, ఆరాక కట్టుకోండి.

తీసేటప్పుడు ఎడమచేత్తో జుట్టును బ్యాండుకు పైన, తల వైపు, గట్టిగా పట్టుకోండి. అప్పుడు లాగుడు కుదుళ్లకు చేరదు. కుడిచేత్తో బ్యాండును కిందికి గుంజకుండా, ఎలా చుట్టారో అలాగే వెనక్కి ఒక్కో చుట్టు విప్పండి. ఉంగరాల జుట్టయితే ముందు రెండు వేళ్లు లోపలికి దూర్చి బ్యాండును వెడల్పు చేసి, అప్పుడు జరపండి. మధ్యలో ఇరుక్కుంటే లాగవద్దు. చిన్న కత్తెర మొనను జుట్టుకు బయటివైపుగా ఉంచి బ్యాండును కత్తిరించేయండి. పది రూపాయల బ్యాండు పోతే పోయింది.

కట్టే చోటు కూడా మారుస్తుండాలి. రోజూ ఒకే ఎత్తున కడితే అక్కడి వెంట్రుకల మీదే దెబ్బ పేరుకుపోతుంది. స్కూటర్ మీద వెళ్లేవారు హెల్మెట్ కింద ఎత్తు పోనీటెయిల్ నొక్కకుండా మెడ దగ్గర వదులు జడ వేసుకోవడం మంచిది. రాత్రి ఉంగరాల జుట్టును నడినెత్తిన ఒకే చుట్టు సాటిన్ స్క్రంచీతో వదులుగా ఎత్తి కట్టండి. సన్నని జుట్టుకు వదులు జడ చాలు.

ఒక ఉదాహరణ: బడికి రెండు జడలు

నా మేనకోడలు తొమ్మిదో తరగతి. సన్నని నిటారు జుట్టు, బడి నియమం రెండు జడలు మడిచి నల్ల రిబ్బను. చెవుల వెనక పొట్టి వెంట్రుకలు ముళ్లలా లేచి ఉంటున్నాయని మా వదిన నాకు చూపించింది. కొత్తగా మొలిచేవేమో అన్నది ఆమె అనుమానం. కొత్త వెంట్రుక కొస సూదిలా సన్నబడి ఉంటుంది, తెగినదాని కొస మొద్దుగా ఉంటుంది. ఇవి మొద్దుగానే ఉన్నాయి, అవీ జడ మడత ముడిపడే ఎత్తులోనే.

జడ కొసకు, మడత దగ్గర కూడా కవరు లేని చిన్న రబ్బర్లు, వాటిపైన రిబ్బను వేస్తున్నారు. "రిబ్బను ఒక్కటే కడితే రెండో పీరియడ్‌కే జారిపోతుంది అత్తా" అంది పిల్ల. నిజమే, నున్నని జుట్టు మీద నున్నని రిబ్బను నిలవదు. ఒక్కో జడ చుట్టుకొలత చూస్తే 3 సెంటీమీటర్లే. దానికి పరిచినప్పుడు 2 సెంటీమీటర్లుండే, బట్ట కవరున్న చిన్న బ్యాండ్లు తెచ్చాం. రిబ్బనును చివర్లో చుట్టడం మాని, జడ సగం నుంచి పాయలతో పాటు అల్లేశాం. ఇది అమ్మమ్మల కాలం పద్ధతే. అల్లిన రిబ్బను రెండు కొసలనూ మడత దగ్గర ముడివేస్తే ముడి బరువు రిబ్బను మీదే పడుతుంది, జుట్టు మీద కాదు. మడత దగ్గర రబ్బరు అవసరమే లేకపోయింది. కొసన మాత్రం చిన్న బ్యాండు రెండు చుట్లు. బడి నుంచి రాగానే విప్పేయడం, సాయంత్రమంతా వదిలేయడం కూడా జోడించాం.

ముందు బ్యాండుకు చుట్టుకుని వచ్చేవి తగ్గాయి. చెవుల వెనక లేచిన పొట్టి వెంట్రుకలు అంత త్వరగా పోవు. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి అవి జడలో కలిసేంత పొడవు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా కొత్తగా మొద్దు కొసలు కనిపించకపోతే మార్పు పనిచేస్తున్నట్టే.

బ్యాండు మార్చినా ఆగకపోతే

సాయంత్రం జుట్టు విప్పగానే మాడు నొప్పిగా అనిపించినా, కణతల దగ్గర చిన్న చిన్న పొక్కులు లేచినా, నుదుటి అంచు వెనక్కి జరుగుతున్నట్టున్నా అది వెంట్రుక తెగడం కాదు, కుదురు మీద పడుతున్న లాగుడు. బిగుతు జడలు, ఎత్తు కొప్పులు, బరువైన సవరాలు దీనికి కారణం. మొదట్లో ఆపేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి సాగితే కుదురు శాశ్వతంగా మూసుకుపోతుంది. అందుకని అంచు పలచబడడం కనిపించిన వెంటనే బిగించి కట్టడం పూర్తిగా మాని చర్మవైద్యులకు చూపించండి. ఎంత మెత్తని స్క్రంచీ అయినా బిగించి లాగి కడితే ఈ నష్టాన్ని ఆపలేదు.